కుట్టులోకి పోయిన అక్షరాలను ఊహించి రాయొద్దు, పేజీని మళ్ళీ తీద్దాం



పోయిన నెల మేము ఇక్కడ ఒక గొప్ప చెప్పుకున్నాం. 160 పేజీల పాత పద్యకావ్యాన్ని ఒక్క సాయంత్రంలో ఫోనుతో తీసేశామని, 81 ఫొటోలతో పని అయిపోయిందని రాశాం. మీలో చాలామంది మెచ్చుకున్నారు కూడా. ఆ మాట ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాం. ఆ 81 ఫొటోల్లో పనికొచ్చేవి పట్టుమని ఇరవై లేవు. తప్పు పుస్తకానిది కాదు, ఫోనుది కాదు, మాదే. ఆ తప్పేమిటో, దాన్ని ఎలా దిద్దుకుంటున్నామో వివరంగా చెప్పాలనే ఈ పోస్టు, ఎందుకంటే మన వాళ్ళిళ్ళలో ఇలాగే తీసిన ఫొటోలు చాలా ఉన్నాయని మాకు తెలుసు.

పుస్తకం ఒక మామ్మగారిది. వాళ్ళ అబ్బాయి ఆవిడని విశాఖపట్నం తీసుకెళ్ళిపోతున్నారు, ఇల్లు ఖాళీ చేస్తున్నారు. పుస్తకానికి ముఖపత్రం లేదు, కాబట్టి పేరు, అచ్చైన ఊరు, సంవత్సరం ఏవీ తెలియవు. 20వ శతాబ్దం మొదట్లో వేగుజుక్క గ్రంథమాల మన బరంపురం నుంచే తెలుగు పుస్తకాలు వేసేది. మద్రాసు నుంచి వావిళ్ళ వారివి రైల్లో వచ్చేవి. ఇది ఏ దారిన వచ్చిందో చెప్పలేం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి ఆ ఇంటి పెంకులు లేచిపోయి, బీరువాలోకి నీళ్ళు చేరాయట. అప్పుడు తడిసి ఆరడంతో కాగితాలు అలలు తేలాయి. తర్వాత ఎవరో బైండింగు చేయించారు. ఆ బైండరు ఫారాలను విప్పి మడతలో కుట్టకుండా, పక్కనుంచి దబ్బనంతో పొడిచి దారం లాగేశాడు. పుస్తకం గట్టిగానే నిలిచింది, పూర్తిగా తెరుచుకోవడం మాత్రం మానేసింది. కుట్టు వైపు ఉండాల్సిన ఖాళీలో చాలా భాగం దారం కిందికి పోయింది.

మేము చేసిందేమిటంటే, పుస్తకాన్ని బల్ల మీద తెరిచి, ఒకరు రెండు పక్కలా వేళ్ళతో నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు పైనుంచి రెండు పేజీలూ కలిపి ఒక్క ఫొటోలో కొట్టారు. ఫోను చిన్న తెరమీద చూస్తే బ్రహ్మాండంగా ఉన్నాయి. పద్యాలు చదవగలుగుతున్నాం. ఇంటికొచ్చేశాం.

హైదరాబాదులో ఉన్న మనవాళ్ళబ్బాయి ఒకరు టైపు చేస్తానని ముందుకొచ్చారు. మూడో రోజున ఫోను చేసి, "అన్నయ్యగారూ, కుడి పేజీల్లో ప్రతి పాదానికీ మొదటి రెండక్షరాలు లేవు, చూసుకున్నారా?" అన్నారు. అప్పుడు కంప్యూటరులో పెద్దది చేసి చూశాం. నిజమే. అక్షరాలు లేవని కూడా అనలేం. కుట్టు దగ్గర నల్లటి నీడలో, పక్కకి తిప్పి పెట్టిన పేకముక్క మీది బొమ్మలాగా సన్నగా నలిగిపోయి ఉన్నాయి.

ఇక్కడ పద్యం సంగతి ఒకటి చెప్పాలి. కుట్టు అనేది ఎడమ పేజీకి వరస చివర ఉంటుంది, కుడి పేజీకి వరస మొదట ఉంటుంది. ఎడమ పేజీలో నష్టపోయేది మాట చివర. వచనమైతే అక్కడే చేసెనో, చేసిరో, చేసెదనో తేలేది. కుడి పేజీలో పోయేది పాదం మొదలు. వృత్తానికి మొదటి అక్షరం యతికి ఆధారం, రెండో అక్షరం ప్రాస. అంటే కుడి పేజీ కుట్టు సరిగ్గా పద్యానికి ఆయువుపట్టైన రెండక్షరాలనే మింగుతుంది.

సంఘంలో పద్యం బాగా తెలిసిన పెద్దలున్నారు. వాళ్ళన్నారు, "దానికేముంది, ప్రాస, యతి ఉన్నాయి కదా, పూరించేద్దాం" అని. మాకూ బాగానే తోచింది. 87వ పేజీలో ఒక చంపకమాలతో మొదలుపెట్టాం. మూడో పాదం మొదట రెండక్షరాలు పోయి, తర్వాత "కి" కనిపిస్తోంది. మిగతా పాదాల్లో రెండో అక్షరం లకారం, కాబట్టి ఇక్కడా ల గుణింతంలో ఏదో ఒకటి. చంపకమాల మొదటి మూడూ లఘువులే, కాబట్టి మొదటిదీ లఘువే. పదకొండో అక్షరం యతిస్థానం. అక్కడ "పా" ఉంది. అంటే మొదటి అక్షరం పకారానికి మైత్రి కలిసేది కావాలి. పెద్దలు ఒక్క క్షణం ఆలోచించి "బలికి" అన్నారు. బలిచక్రవర్తి ప్రస్తావన అని అర్థం కూడా చెప్పారు. అందరం తలలూపాం. టైపు చేయించాం.

తర్వాత మామ్మగారి దగ్గర ఆ పద్యం ఎత్తితే, ఆవిడ పళ్ళులేని నోటితో నవ్వి, "బలి కాదు నాయనా, వలి. వలికి వణికిపోతున్న వాళ్ళ గురించి ఆ పద్యం" అన్నారు. వలి అంటే చలి, మంచు. వకారానికీ పకారంతో యతిమైత్రి ఉంది. గణం సరిపోయింది, ప్రాస సరిపోయింది, యతి సరిపోయింది, అర్థం కూడా కుదిరింది. మాట మాత్రం తప్పు. ఆవిడకి ఆ పద్యం చిన్నప్పుడు కంఠతా వచ్చు కాబట్టి తెలిసింది. పుస్తకమంతా ఆవిడకీ కంఠతా రాదు.

మా అభిప్రాయం అక్కడ మారిపోయింది. ఛందస్సు మనం రాసింది తప్పని చెప్పగలదు గానీ, ఒప్పని చెప్పలేదు. పుస్తకం చేతికి అందే దూరంలో ఉన్నంతకాలం ఊహించి పూరించడం బద్ధకమే, పాండిత్యం కాదు. పెద్దలు కోపగించుకోవద్దు, వాళ్ళకి ముఖాముఖీ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాం.

ఇంకో సలహా మన కుర్రాళ్ళది. ఫోనులో స్కానింగు యాప్ ఉంది, వంపు తనే సరిచేస్తుంది కదా అన్నారు. చేయించి చూశాం. వంకర వరసలు చాలావరకు తిన్నగా వచ్చాయి. కుట్టు దగ్గర మాత్రం అక్షరాలు వెడల్పుగా సాగి మసకబారాయి. యాప్ చేసేది ఉన్న చుక్కలను సాగదీయడమే. నలిగిన చోట గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చూపే మెలిక ఫొటోలోనే పడకపోతే, సాగదీస్తే ఎక్కణ్ణుంచి వస్తుంది?

అసలు ఆ ఫొటోలో ఏం జరుగుతోందో కాస్త ఓపిగ్గా చూస్తే మందు దానంతటదే తెలుస్తుంది. రెండు వేరు వేరు రోగాలు కలిసి ఉన్నాయి. మొదటిది వరసలు వంగడం. పేజీ మధ్యలో ఉబ్బి, కుట్టు దగ్గర లోతుకు దిగుతుంది. దగ్గరున్నది పెద్దగా, దూరమున్నది చిన్నగా కనిపిస్తుంది కాబట్టి, లోతుకు దిగిన భాగమంతా ఫొటో నడిమికి లాగినట్టవుతుంది. మా ఫొటోల్లో పై వరసలు కుట్టు దగ్గర కిందికి వాలాయి, కింది వరసలు పైకి లేచాయి, నడిమి వరస మాత్రం తిన్నగా ఉంది. మీ ఫొటోలోనూ ఇలా ఉంటే అది పేజీ వంపు అనుకోండి. అన్ని వరసలూ ఒకే వైపు వంగితే, వంపుతో పాటు ఫోను కూడా ఏటవాలుగా పట్టుకున్నారని అర్థం.

ఆ వాలడం ఎంతో లెక్కవేశాం. ఫోను 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, లోతు 2 సెంటీమీటర్లు, పై వరస పేజీ నడిమి నుంచి 9 సెంటీమీటర్ల దూరం. వరస చివర దాదాపు 6 మిల్లీమీటర్లు జారుతుంది. ఈ పుస్తకంలో ఒక వరసకీ ఇంకో వరసకీ మధ్య దూరం కూడా రమారమి అంతే! అందుకే అక్షరాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేరుకి ఈ ఫొటోలిస్తే, ఒక వరస మీద నడుస్తూ కుట్టు దగ్గరకొచ్చేసరికి పక్క వరసలోకి దిగిపోయింది. రెండు పాదాలు కలిసిపోయి ఒకటయ్యాయి, కొన్ని వరసలు అసలు రాలేదు. "వరసలు ఎగిరిపోయాయి" అని మనం అనుకునేది ఇదే.

రెండో రోగం నలగడం. కుట్టు దగ్గర పేజీ దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. 60 డిగ్రీల వాలులో ఉన్న అక్షరం పైనుంచి చూస్తే సగం వెడల్పే కనిపిస్తుంది, 75 డిగ్రీల వాలులో పావు వంతే. మేము రెండు పేజీలు కలిపి తీసిన ఫొటోలో మామూలు చోట అంగుళానికి 250 చుక్కల వరకు పడ్డాయి, కుట్టు దగ్గర 60కి పడిపోయాయి. ఒత్తులున్న తెలుగు అచ్చుకి 300 దాకా ఉంటే గానీ సుఖంగా ఉండదు.

ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. దూరం జరిగితే వంపు తగ్గుతుంది. 50 సెంటీమీటర్ల నుంచి తీస్తే ఆ 6 మిల్లీమీటర్లు మూడున్నరకి వస్తాయి. కానీ ఎంత దూరం జరిగినా నలుగుడు మారదు, పై నుంచి చూసే కోణం మారలేదు కదా. నలుగుడు పోవాలంటే పేజీయే కెమెరాకు ఎదురుగా తిరగాలి. మేము మొదట దూరం ఒక్కటే మార్చి ఒక ఉదయమంతా పాడుచేసుకున్నాం, మీరు అలా చేయకండి.

పేజీని తిప్పడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. పెద్ద గ్రంథాలయాల్లో వి ఆకారపు తొట్టె వాడతారు. మేము ఒక ట్రంకుపెట్టెను గోడకి ఆనించి, దాని ముందు పుస్తకం పెట్టాం. పుస్తకంలో సగం బల్లమీద పడుకుని ఉంటుంది, రెండో సగం పెట్టెకి ఆని లేచి ఉంటుంది. పెట్టెకీ పుస్తకానికీ మధ్య మడతపెట్టిన తువ్వాలు పెట్టి, తెరుచుకున్న కోణం 100, 110 డిగ్రీల దగ్గర ఆగేలా చూశాం. 180 డిగ్రీలు తెరవమని బలవంతం చేస్తేనే పేజీ ఉబ్బుతుంది. సగమే తెరిస్తే పడుకున్న పేజీ కుట్టు దాకా చదునుగానే ఉంటుంది. వెన్నుకి కూడా హాయి.

ఇలా పెట్టి ముందు కుడి పేజీలన్నీ వరసగా తీయాలి, 1, 3, 5 అంటూ చివరిదాకా. తర్వాత పుస్తకాన్ని ఇటు తిప్పి ఎడమ పేజీలన్నీ తీయాలి. ఒక్కో ఫొటోలో ఒక్కటే పేజీ. ప్రతి ఇరవై ఫొటోలకీ ఒకసారి ఆగి, లెక్క ప్రకారం ఇరవయ్యో ఫొటోలో 39వ పేజీ ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ఎక్కడో రెండు ఆకులు అతుక్కుని వచ్చాయన్నమాట. తడిసి ఆరిన పుస్తకంలో ఇది తరచూ జరుగుతుంది.

అలలు తేలిన కాగితాన్ని చదును చేయడానికి గాజుపలక వాడాం. ఫొటోలకి ఫ్రేములు కట్టే కొట్లో పేజీకన్నా కొంచెం పెద్ద ముక్క కోయించి, అంచులు అరగదీయించాం. పలక ఒక అంచు సరిగ్గా కుట్టు మూలలోకి వెళ్ళేలా మెల్లిగా దించాలి. గాజు బరువే చాలు, చేత్తో నొక్కొద్దు. కాగితం మడిచిన చోటల్లా విరిగిపోయే పుస్తకానికి గాజు పెట్టనే వద్దు, వంపుతోనే తీసుకోండి.

వెలుతురు విషయంలో మేము రెండుసార్లు దెబ్బతిన్నాం. పైన ట్యూబులైటు వేస్తే గాజులో దాని గీతే పద్యం మీద పడింది. అది ఆర్పేసి వరండాలో పొద్దున్న తొమ్మిదింటికి పెడితే, లేచి ఉన్న సగం నీడ కుట్టు మీద పడింది. చివరికి పుస్తకాన్ని అటు తిప్పాం. వెలుతురు లేచి ఉన్న సగానికి ఎదురువైపు నుంచి, పేజీ బయటి అంచు మీదుగా పక్కగా రావాలి. అప్పుడు అది నేరుగా మూలలోకి వెళుతుంది. గాజులో ఫోను నీడ, మన మొహాలు కనిపించకుండా ఫోను చుట్టూ ఒక నల్లగుడ్డ కట్టాం.

ఫోను చేత్తో పట్టుకోలేదు. రెండు స్టూళ్ళ మీద అడ్డంగా చెక్క వేసి, దాని అంచున కెమెరా బయటికి వచ్చేలా బోర్లా పెట్టి, పైన బరువు పెట్టాం. కొన్ని ఫోన్లలో గ్రిడ్ గానీ లెవెల్ గానీ పెట్టుకుంటే, కిందికి చూపినప్పుడు రెండు కూడిక గుర్తులు కనిపిస్తాయి, అవి ఒకదాని మీద ఒకటి కలిస్తే ఫోను బల్లకి సమాంతరంగా ఉన్నట్టే. మీటనొక్కితే కదలకుండా మూడు సెకన్ల టైమరు పెట్టాం.

జూమ్ విషయంలో ఒక మాట. రెండింతల జూమ్‌కి విడి లెన్సున్న ఫోనైతే 50 సెంటీమీటర్ల దూరం నుంచి తీయొచ్చు, అంగుళానికి 300 చుక్కలకి దగ్గరగా వస్తాయి. విడి లెన్సు ఉందో లేదో తెలియాలంటే, మంచి వెలుతురులో జూమ్ చేసి ఒక్కో లెన్సునీ వేలితో మూసి చూడండి. మామూలు లెన్సు మూసినప్పుడే తెర నల్లబడితే విడి లెన్సు లేనట్టే. అలాంటి ఫోనుతో జూమ్ మానేసి, 25 సెంటీమీటర్ల దూరం నుంచి తీయండి. గాజు కింద పేజీ చదునుగా ఉంటే దగ్గరనుంచి తీసినా వరసలు అంతగా వంగవు.

87వ పేజీని ఇలా మళ్ళీ తీశాం. పై నుంచి కింది వరస దాకా అన్నీ తిన్నగా వచ్చాయి. వలికి అన్నది స్పష్టంగా ఉంది, వకారం మీది తలకట్టుతో సహా. అదే పేజీలో కింది పద్యంలో మేము సందేహం లేకుండా రాసుకున్న ఇంకో మాట కూడా తప్పని తేలింది. అందుకే ఇప్పుడు అనుమానం ఉన్న పేజీలే కాకుండా మొత్తం 160 పేజీలూ మళ్ళీ తీస్తున్నాం. పేజీకి ఒక నిమిషం పడుతోంది, రెండు పొద్దుటి పూటలు చాలు. ఆ ఒక్క సాయంత్రపు తొందర మాకు మూడు వారాలు తినేసింది.

సరిచూసుకోవడానికి మేము పెట్టుకున్న పద్ధతి చిన్నది. పుస్తకం దగ్గర ఉండగానే ప్రతి ఫొటోనూ కుట్టు వైపు పెద్దది చేసి, పైనుంచి కిందికి ఆ అంచు అక్షరాలొక్కటే చదవాలి. పద్యాన్ని పూర్తిగా చదవొద్దు. పూర్తిగా చదివితే మనసు తనే పూరించేస్తుంది, అక్షరం లేదన్న సంగతి కంటికి తెలియదు. మేము మొదటిసారి మోసపోయింది అక్కడే. తర్వాత వరసలు లెక్కపెట్టాలి. సాఫ్ట్‌వేరు ఇచ్చిన పాఠంలోనూ వరసలు లెక్కపెట్టి, రెండూ సరిపోని పేజీని పక్కన పెట్టాలి.

ఇంత చేసినా లొంగని పేజీలు పది తేలాయి. దారం అక్షరాల మీదుగానే వెళ్ళింది. వాటికి మామూలు ఫొటో తీశాక, ఫోనును పక్కకి వంచి, కుట్టులోకి తొంగిచూస్తున్నట్టుగా ఆ అంచు రెండు మూడు సెంటీమీటర్ల పట్టీని మాత్రం విడిగా తీస్తున్నాం. పేజీలో మిగతాది మసకగా వచ్చినా ఫరవాలేదు. ఆరు పేజీలకి ఇది పనిచేసింది.

మిగిలిన నాలుగింటికి కుట్టు విప్పాల్సిందే. విప్పేద్దామని మనలో కొందరు తొందరపడుతున్నారు. మేము ఒప్పుకోలేదు. పక్క కుట్టు విప్పితే ఆ కన్నాల దగ్గరే కాగితం చిరుగుతుంది, మళ్ళీ కుట్టడానికి అంచు మిగలదు. నాలుగు పేజీల్లో ఓ ముప్ఫై అక్షరాల కోసం పుస్తకాన్ని విడి కాగితాలుగా చేసి మామ్మగారి చేతికివ్వడం మాకు ఇష్టం లేదు. అసలు అది మన సొత్తు కాదు. టైపు చేసిన పాఠంలో ఆ చోట్ల చుక్కలు పెట్టి, కుట్టులో పోయాయని రాయమన్నాం. ఆ చుక్కల మీద ఎవరి ఊహ వాళ్ళు విడిగా పెన్సిలుతో రాసుకోవచ్చు, పాఠంలో మాత్రం వద్దు. మామ్మగారికి గుర్తున్నవి ఆవిడ చెబుతుంటే, అవి ఆవిడ నోట విన్నవని గుర్తు పెట్టి రాసుకుంటున్నాం.

వాళ్ళ లారీ శనివారం పొద్దున్న వస్తోంది. ఎడమ పేజీలు 96 నుంచి చివరిదాకా ఇంకా ఉన్నాయి. గురువారం, శుక్రవారం పొద్దున్న తొమ్మిదికల్లా ఇద్దరు వస్తే చాలు. ఒకరు ఆకులు తిప్పడానికి, ఒకరు అంచు చదవడానికి. గాజుపలక, స్టూళ్ళు అక్కడే ఉన్నాయి. నల్లగుడ్డ మాత్రం పోయినసారి ఎవరో పొరపాటున తీసుకెళ్ళారు, దయచేసి తీసుకురండి.